అప్‌డేట్: అమ్మ తూలడం తగ్గింది, వంటగది గట్టు దగ్గరే

నా ప్రశ్న: "అమ్మకు 71. నడుస్తూ పక్కకు తిరిగితే తూలుతోంది. ఇంట్లో చేసే వ్యాయామాలేమైనా ఉన్నాయా?"

సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. ఫిజియోథెరపిస్టుకు చూపించమన్న మాటే పనికొచ్చింది. ఆయన అమ్మను ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు తగిలేలా నిలబడమన్నారు. 10 సెకన్లు కూడా ఆగలేకపోయింది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడమూ కష్టమైంది.

వంటగది గట్టు దగ్గర ముందు పాదాలు కలిపి నిలబడాలి, తర్వాత ఒక పాదం సగం ముందుకు, ఆఖరున ఒకదాని ముందొకటి. ఒక్కోదానిలో 10 సెకన్లు తూలకుండా ఉంటేనే తర్వాతిది. గట్టును గట్టిగా పట్టుకుంటే భారమంతా చేతులదే, కాళ్లకు పని ఉండదు. అందుకే వేలికొనలు మాత్రం ఆనించాలి, వెనక కుర్చీ, పక్కన మనిషి ఉండాలి.

దాంతోపాటు కుర్చీలోంచి లేచి, మెల్లగా కూర్చోవడం. మెల్లగా కూర్చోవడమూ కష్టమే. దబ్బున కూలబడితే కాళ్లు అలిసిపోయినట్టే, ఆరోజుకి ఆపేయాలి.

చెవి సమస్యేమోనన్న టెన్షన్ అనవసరమని తేలింది. బీపీ కూడా పడుకోబెట్టీ, నిలబెట్టీ చూశారు, తేడా లేదు. లేవగానే కళ్లు తిరిగేవాళ్లు మాత్రం ముందు డాక్టరుకు చూపించుకోవాలి.

ఇప్పుడు గోడ పట్టుకోకుండానే తిరుగుతోంది. బాత్రూంలో మాత్రం రాడ్ వదలొద్దన్నాం.