అప్‌డేట్: స్వల్ప స్కోలియోసిస్‌కు ఒంటిచేతి వ్యాయామాలు, బ్రేస్

నా పాత ప్రశ్న: "నాకు స్వల్ప స్కోలియోసిస్, అంటే వెన్నెముక పక్కకు వంగడం, ఉంది. బలహీనమైన వైపు మాత్రమే వ్యాయామం చేయాలా? పెద్దవాళ్లకు ఒంటికి బిగించే బ్రేస్ పనిచేస్తుందా?"

సలహాలిచ్చిన వారికి కృతజ్ఞతలు. ఎక్స్‌రేలో వంపు 16 డిగ్రీలని తేలింది. బ్రేస్‌ను ముఖ్యంగా ఎముకలు ఇంకా ఎదుగుతున్న పిల్లల్లో, సాధారణంగా 25 డిగ్రీలు దాటిన వంపు మరింత పెరగకుండా ఆపడానికి వాడతారు కనుక, నాకు అవసరం లేదని వైద్యులు చెప్పారు.

పనికొచ్చినది రెండు చేతులకూ విడివిడిగా పని పెట్టమన్న సూచన. ముందుకు వంగి డంబెల్‌ను నడుము వైపు లాగే డంబెల్ రోను బలహీనమైన ఎడమ చేత్తో మొదలుపెట్టి, భంగిమ చెడకుండా ఎన్నిసార్లు లాగగలిగితే, కుడి చేత్తోనూ అదే బరువును అన్నిసార్లే లాగి ఆపమని ఫిజియోథెరపిస్టు నేర్పారు. ఛాతీ డంబెల్ వైపు తిరిగినా, నడుము పక్కకు జారినా ఆ సెట్ అక్కడితో ముగిసినట్టే. ఇది అద్దంలో సరిగా తెలియదు, వెనక నుంచి వీడియో తీస్తే తెలుస్తుంది. ఎడమ వైపు మాత్రమే చేయడాన్ని ఆయన ఒప్పుకోలేదు.

మడమ కింద మెత్త పెట్టుకోమని కొందరిచ్చిన సలహా నాకు వర్తించలేదు, కాళ్ల పొడవు సమానంగానే ఉంది.

భుజం కింద పట్టేయడం బాగా తగ్గింది. వంపు మాత్రం తగ్గుతుందని ఆశించడం లేదు. కొలతలోనే 5 డిగ్రీల వరకు తేడా రావచ్చు కాబట్టి, రేపు 13 అని వచ్చినా దాన్ని వ్యాయామ ఫలితంగా లెక్కించలేము.