పాత పుస్తకాల స్కాన్లకి గాసియన్ బ్లర్ చాలదా? నాన్-లోకల్ మీన్స్, వేవ్‌లెట్ నిజంగా వేరా?

పాతపుస్తకం
ఒక పాత తెలుగు పుస్తకం గ్రే స్కాన్లు నా దగ్గర ఉన్నాయి, 150 డీపీఐ, కాగితమంతా గరుకు గరుకుగా నాయిస్. ఓసీఆర్‌కి ఇచ్చే ముందు గాసియన్ బ్లర్ కొడితే గరుకు పోతోంది కానీ "థ" ని "ధ" గా చదువుతోంది, లోపలి చుక్క కనబడటం లేదు. నాన్-లోకల్ మీన్స్, వేవ్‌లెట్ వాడమంటున్నారు. అవి కూడా చివరికి సగటు తీయడమే కదా, తేడా ఏముంటుంది?

కోస్తాకుర్రాడు
తేడా ఏమీ లేదండి, నేను చేసి చూశాను. సగటు తీస్తే నాయిస్ తగ్గుతుంది, వివరం కూడా తగ్గుతుంది, ఎవరు చేసినా అంతే. ఓపెన్‌సీవీలో `fastNlMeansDenoising` ఉన్నదున్నట్టు నడిపితే చాలా సేపు తీసుకుని చివరికి బొమ్మ అలాగే వచ్చింది, గరుకు గరుకుగానే ఉంది. టైమ్ దండగ. గాసియన్ సిగ్మా తగ్గించి వాడుకోండి, చాలు.

సిగ్నల్‌శారద
సగటు అన్నంతవరకు మీ మాట కరెక్టే. కానీ దేనితో దేన్ని కలిపి సగటు తీస్తున్నామన్నదే ఇక్కడ మొత్తం విషయం. ముందు మీ బొమ్మ ఎందుకు మారలేదో చెప్తాను, అందులోనే సగం జవాబు ఉంది.

నాన్-లోకల్ మీన్స్ (2005లో బుయాదెస్, కోల్, మోరెల్ ప్రతిపాదించింది) ఒక పిక్సెల్‌ని తీసుకుని దాని చుట్టూ 7×7 ముక్కని చూస్తుంది. ఆ ముక్కని 21×21 కిటికీలో ఉన్న ప్రతి ముక్కతో పోలుస్తుంది, ఎంత పోలిక ఉంటే ఆ ముక్క మధ్య పిక్సెల్‌కి అంత బరువు ఇచ్చి అప్పుడు సగటు తీస్తుంది. బరువు అంటే exp(-d²/h²), ఇక్కడ d² రెండు ముక్కల మధ్య ఒక్కో పిక్సెల్ తేడా వర్గాల సగటు, h ఎంత తేడాని ఓర్చుకోవాలో మనం పెట్టే సంఖ్య. ఇప్పుడు మీ స్కాన్‌లో నాయిస్ సిగ్మా 10 అనుకుందాం. రెండు ముక్కలూ ఖాళీ కాగితమే అయినా, రెండింట్లోనూ నాయిస్ ఉంది కాబట్టి d² సున్నా రాదు, 2×10×10 అంటే 200 దగ్గర వస్తుంది. ఓపెన్‌సీవీ ఆ 200ని తీసెయ్యదు, పైగా అందులో h డీఫాల్ట్ 3. exp(-200/9) అంటే సున్నా కిందే లెక్క. అంటే ప్రతి పిక్సెల్‌కి తనలాంటి ముక్క తను తప్ప ఎక్కడా దొరకలేదు, తనతో తనే సగటు తీసుకుంది. మీ బొమ్మ మారకపోవడానికి కారణం అదే, పద్ధతి పనిచేయకపోవడం కాదు.

గాసియన్ ఇలాంటిదేదీ చూడదు. పక్కనున్నది సిరా అయినా కాగితం అయినా దూరాన్ని బట్టి ఒకే బరువు. సిగ్మా 2 పిక్సెళ్ళ గాసియన్ కొడితే నాయిస్ 10 నుంచి 1.4కి పడిపోతుంది, అది చాలా మంచి సంఖ్యే. కానీ 150 డీపీఐలో "థ" చుక్క దాదాపు 3×3 పిక్సెళ్ళు ఉంటుంది. కాగితం 200, సిరా 60 అనుకుంటే తేడా 140. అదే గాసియన్ తర్వాత చుక్క మధ్యలో ఆ తేడా 42 మాత్రమే మిగులుతుంది. దానికి తోడు చుట్టూ ఉన్న గీత నలుపు కూడా లోపలి ఖాళీలోకి వస్తుంది. చుక్క ఎందుకు పోయిందో ఇంక వేరే చెప్పక్కర్లేదు.

అదే చుక్కని నాన్-లోకల్ మీన్స్‌కి ఇస్తే: చుక్క ఉన్న 7×7 ముక్కకీ, చుక్క లేని ఖాళీ ముక్కకీ 49 పిక్సెళ్ళలో 9 పిక్సెళ్ళు 140 చొప్పున తేడా, అంటే d² అదనంగా 3600. ఆ 200ని తీసేసే అమలు వాడి h = 8 పెడితే బరువు exp(-3600/64), సున్నా. కాగితం చుక్కలోకి రాదు. ఖాళీ కాగితం మీద మాత్రం వందల ముక్కలు ఒకదానికొకటి సరిపోతాయి, అక్కడ గాసియన్ లాగానే, ఇంకా బాగా కూడా, నున్నగా అవుతుంది. ఖాళీ చోట కోస్తాకుర్రాడు గారు చెప్పింది నిజమే, అక్కడ అన్నీ ఒకటే.

ఫిలిం_పెట్టె
నా దగ్గర మా నాన్నగారి పాత ఫిలిం నెగెటివ్‌లు ఉన్నాయండి, స్కాన్ చేస్తే తెల్ల తెల్ల చుక్కలు, ధూళి, గీతలు. శారద గారు చెప్పినట్టు నాన్-లోకల్ మీన్స్ చేస్తే ధూళి చుక్కలు మాత్రం అలాగే నిలబడ్డాయి, మిగతా అంతా నున్నగా అయ్యింది. అంటే ఇది పనికిరాదన్నట్టేగా?

సిగ్నల్‌శారద
అది వేరే సమస్య అండి. మీ ధూళి చుక్కా, ఆయన "థ" చుక్కా ఈ పద్ధతికి ఒకటే, చుట్టుపక్కల తనలాంటిది లేని ముక్క. అందుకే రెండింటినీ కాపాడుతుంది. ధూళికి మీడియన్ ఫిల్టర్‌తో మొదలుపెట్టండి, లేదా చుక్కల్ని విడిగా గుర్తించి ఆ చోట్లు మాత్రమే పూడ్చండి. ఈయన పుస్తకం మీద మీడియన్ వాడితే మాత్రం "థ" చుక్కే మొదట పోతుంది.

పాతపుస్తకం
మరి వేవ్‌లెట్? ఇంకో సంగతి, నా పుస్తకంలో అచ్చు అరిగిపోయి కొన్ని "థ"ల్లో చుక్క చాలా పల్చగా ఉంది. కాగితం 200 అయితే చుక్క 180 ఉంటుందేమో.

సిగ్నల్‌శారద
ఆ పల్చటి చుక్క దగ్గరే అసలు చిక్కు.

వేవ్‌లెట్ పోలికలు వెతకదు. అన్నిటికంటే సులువైన హార్ వేవ్‌లెట్ తీసుకుంటే, 2×2 పిక్సెళ్ళ గడిని ఒక మొత్తంగా, మూడు తేడాలుగా మార్చి, ఆ మొత్తాల మీద మళ్ళీ అదే పని చేస్తూ పోతుంది. నాయిస్ అన్ని తేడాల్లోకీ సమానంగా చిన్న చిన్నగా పరుచుకుంటుంది, అక్షరం గీత మాత్రం కొన్ని తేడాల్లోనే పెద్దగా పోగవుతుంది. చిన్నవాటిని సున్నా చేసి, పెద్దవాటిని కొంచెం తగ్గించి ఉంచుకుని, వెనక్కి మారుస్తారు. ఎంతకన్నా చిన్నవి తీసెయ్యాలనే దానికి డోనోహో, జాన్‌స్టన్ 1994లో ఇచ్చిన గీటు సిగ్మా×√(2 ln N). 512×512 బొమ్మకి అది సిగ్మాకి అయిదు రెట్లు, అంటే మీకు 50.

ముదురు చుక్క సగం కప్పిన గడిలో తేడా 140 వస్తుంది, గీటు దాటి బతుకుతుంది, ఆకారం మాత్రం కొంచెం గళ్ళుగళ్ళుగా అవుతుంది. చుక్క ఒక పిక్సెల్ పక్కకి జరిగి గడిలో వేరేగా పడితే ఆకారం కూడా వేరేగా వస్తుంది, అందుకే బొమ్మని కొద్దికొద్దిగా జరుపుతూ చాలాసార్లు చేసి సగటు తీస్తారు. పల్చటి చుక్కకి మాత్రం ఆ తేడాలు 20, 10 దగ్గరే ఉంటాయి, పై మెట్లకి వెళ్ళినా ఏదీ 50 దాటదు. మొత్తం పోతుంది. ఆ గీటు మరీ ఎక్కువనిపిస్తే BayesShrink ఉంది, కానీ అచ్చు పేజీలో గీతలు బలంగా ఉండటంతో అది గీటుని బాగా కిందికి దించేస్తుంది, అప్పుడు కాగితం మీది గరుకు చాలావరకు అలాగే ఉండిపోతుంది.

నాన్-లోకల్ మీన్స్ కూడా పల్చటి చుక్కని తుడవకుండా వదలదు. తేడా 20 అయితే d² అదనం 73 మాత్రమే, ఒక్కో ఖాళీ ముక్కకి బరువు 0.32 పడుతుంది. కిటికీలో వంద ఖాళీ ముక్కలు ఉంటే వాటి బరువు 32, చుక్క సొంత బరువు 1. ముక్కని 3×3 చేస్తే అదనం 400 అవుతుంది, లెక్క ప్రకారం బరువు 0.002కి దిగుతుంది, కానీ 9 పిక్సెళ్ళలో నాయిస్ ఊగిసలాట ఎక్కువ కాబట్టి నిజంలో బరువు దానికంటే చాలా ఎక్కువే పడుతుంది. నయమవుతుంది, పూర్తిగా దక్కదు. ఇలా పెట్టి చూడండి:

```python
from skimage.restoration import denoise_nl_means, estimate_sigma
img = img.astype(float)
s = estimate_sigma(img)
out = denoise_nl_means(img, patch_size=3, patch_distance=10,
                       h=0.8*s, sigma=s, fast_mode=True)
diff = img - out
```

`out` కంటే `diff` ని ముఖ్యంగా చూడండి, కాంట్రాస్ట్ పెంచి. అందులో ఉత్త ఇసుక కనిపిస్తే తీసింది నాయిసే. అక్షరాల అంచులు, చుక్కలు కనిపిస్తున్నాయంటే అక్షరాన్ని కూడా తీసేస్తున్నట్టు. గాసియన్‌కి ఇదే చేసి చూస్తే `diff` లో పేజీ మొత్తం చదువుకోవచ్చు.

వరంగల్_స్కానర్
అక్కా, లెక్కలన్నీ బాగున్నయ్ గానీ ఓసీఆర్ ముంగట ఇంకో మెట్టు ఉంటది, దాన్ని ఎవరూ ముట్టుకోలే. పాత టెసరాక్ట్ లాంటివి బొమ్మని ముందు నలుపు తెలుపు చేస్తయ్, మామూలుగా ఒట్సు పద్ధతిల పేజీ మొత్తానికి ఒకటే గీటు. కాగితం 200, సిరా 60 అయితే ఆ గీటు 130 దగ్గర పడ్తది. పల్చటి చుక్క 180 ఉంది, మీరు నాయిస్ తీసినా తియ్యకపోయినా అది తెల్లగనే పోతది. గాసియన్ కొట్టిన ముదురు చుక్క కూడా 158 అయితది, అదీ పోతది. అంటే మీ గొడవ సగం నాయిస్ గురించి కాదు, గీటు గురించి. చుట్టుపక్కల చూసి గీటు మార్చే సౌవోలా లాంటిది పెట్టుకోండి ముందు.

సిగ్నల్‌శారద
ఒప్పుకుంటాను, ఒట్సు ఉన్నంతవరకు పల్చటి చుక్కకి నా మాటలేవీ సాయపడవు. కానీ చోటుని బట్టి గీటు మార్చే పద్ధతికి నాయిస్ అంటే పడదు. 200 కాగితం మీద 180ని పట్టుకోవాలంటే గీటు 190 దగ్గర ఉండాలి, నాయిస్ సిగ్మా 10 అయితే ఖాళీ కాగితంలో ప్రతి ఆరు పిక్సెళ్ళలో ఒకటి దానికంటే కిందికి వస్తుంది. పేజీ నిండా మిరియాలు చల్లినట్టు అవుతుంది. కాబట్టి నాయిస్ తీయడం, గీటు రెండూ కలిపే చూడాలి.

వరంగల్_స్కానర్
నాకైతే నాయిస్ అట్లనే ఉంచి ఓసీఆర్‌కి గ్రే బొమ్మే ఇస్తే నయమనిపిస్తది. కొత్తవి గ్రే మీదనే నేర్చుకున్నయ్, మనం నున్నగ చేసి ఇస్తే అవి చూడని తీరు బొమ్మ ఇచ్చినట్టయితది.

పాతపుస్తకం
`diff` చూశాను. గాసియన్‌లో నిజంగానే పేజీ చదవగలిగాను. 3×3 నాన్-లోకల్ మీన్స్‌లో ముదురు "థ"లు ఒక్కటీ కనబడలేదు, పల్చటి చుక్కలు మాత్రం కొన్ని లీలగా కనిపిస్తున్నాయి. ఇంకొకటి, `estimate_sigma` 4 అంటోంది, నా కంటికి గరుకు అంతకంటే చాలా ఎక్కువ. స్కాన్లు జేపెగ్‌లో ఉన్నాయి, అది చెప్పడం మర్చిపోయాను.

సిగ్నల్‌శారద
అయితే ఆ 4ని నమ్మకండి. అది అన్నిటికంటే సన్నటి తేడాల్ని చూసి సిగ్మా అంచనా వేస్తుంది, జేపెగ్ సరిగ్గా ఆ సన్నటివాటినే ముందు కొట్టేస్తుంది. మిగిలిన నాయిస్ పక్క పిక్సెళ్ళతో అతుక్కుని ముద్దలుగా ఉంటుంది, ఒక్కో ముద్దా చిన్న చుక్కలా ఉంటుంది. నేను వేసిన లెక్కలన్నీ పిక్సెల్ పిక్సెల్‌కి సంబంధం లేని నాయిస్‌కి. పేజీ అంచున ఖాళీ చోట 50×50 ముక్క కత్తిరించి దాని ప్రామాణిక విచలనం తీసుకోండి, దాన్నే `s` గా పెట్టండి. అప్పుడు కూడా కొన్ని ముద్దలు మిగులుతాయి.

పుస్తకం ఇంకా దొరికేట్టయితే 300 డీపీఐలో, టిఫ్‌లో మళ్ళీ స్కాన్ చేయించండి. చుక్క 6×6 అవుతుంది, నాయిస్ ఇంతే ఉంటే 7×7 ముక్కలో పల్చటి చుక్కకి d² అదనం 73 నుంచి 294కి పెరుగుతుంది, బరువు 0.32 నుంచి 0.01కి దిగుతుంది. ఏ ఫిల్టర్ మార్చినా ఇంత లాభం రాదు.

కోస్తాకుర్రాడు
h 3 సంగతి నాకు తెలియదు, థాంక్స్ అండి. 20 పెట్టి నడిపితే కాగితం శుభ్రంగా వచ్చింది. కానీ ఇప్పుడు అక్షరాల అంచుల వెంబడి సన్నగా ఒక గరుకు చార మిగిలింది, మిగతా కాగితం నున్నగా ఉండటంతో అది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. గాసియన్‌లో కనీసం అంతా ఒకేలా ఉండేది.

సిగ్నల్‌శారద
అంచు దగ్గర ముక్కకి తనలాంటివి ఆ గీత వెంబడే దొరుకుతాయి, వంకర తిరిగిన గీత అయితే అవి కూడా తక్కువ. మన అక్షరాలు దాదాపు అన్నీ వంకరలే. ఇదే అక్షరం పేజీలో ఇంకా చాలా చోట్ల ఉంటుంది కానీ 21×21 కిటికీకి అవి కనబడవు, పేరుకే నాన్-లోకల్. కిటికీ పెద్దది చేస్తే దొరుకుతాయి, సమయం కిటికీ వైశాల్యంతో పాటు పెరుగుతుంది. అచ్చు పుస్తకాలకి అంత సమయం పెట్టొచ్చనే నా అభిప్రాయం.

వరంగల్_స్కానర్
పెద్ద కిటికీ పెడితే "ధ"లు కూడా దొరుకుతయ్ అక్కా, పల్చటి "థ" పక్కన అవే ఎక్కువ పోలికతోని వచ్చి చుక్కని ఇంకా తుడిచేస్తయ్. నేనైతే పెంచను.