హిప్ ముందే తిప్పుతున్నా, బ్యాట్‌కి స్పీడ్ మాత్రం రావట్లేదు

కొండాపూర్_లెఫ్టీ
వీకెండ్‌లో బాక్స్ క్రికెట్ ఆడతాను, లెఫ్ట్ హ్యాండ్. ఫుల్ బాల్ పడితే మిడ్‌వికెట్ మీదుగా లాగి కొడతాను. "హిప్ ముందు తిప్పు, చేతులు తర్వాత" అని అందరూ చెబుతారు. తిప్పుతూనే ఉన్నాను. షాట్ అయ్యేసరికి బెల్ట్ బకిల్ బౌలర్‌ని కూడా దాటిపోతోంది. అయినా బంతి బ్యాట్ మధ్యలో తగిలినా పెద్దగా వెళ్లదు. నాకన్నా బక్కగా ఉండే మా టీమ్ కుర్రాడు అదే బంతిని పై నెట్‌కి కొడుతున్నాడు. తేడా ఎక్కడ?

మాదాపూర్_లిఫ్టర్
తిప్పడం కాదు భాయ్, ఆపడం ముఖ్యం. ఆర్టీసీ బస్సు సడెన్ బ్రేక్ వేస్తే నిలబడ్డవాళ్లు ముందుకు పడతారు కదా, అదే లాజిక్. పొట్ట బిగించి హిప్‌ని టక్కున లాక్ చెయ్. పైభాగం దానంతటదే విసురుగా వస్తుంది.

సికింద్రాబాద్_సిక్సర్
బ్యాట్ బరువెంత? నేను తేలిక బ్యాట్‌కి మారాక స్పీడ్ బాగా పెరిగింది. ముందు అది చూసుకో తమ్ముడూ.

కొండాపూర్_లెఫ్టీ
ఆ కుర్రాడు కొట్టేది నా బ్యాట్‌తోనే అన్నా 😅

రేంజ్_కోచ్
గోల్కొండ వైపు గోల్ఫ్ నేర్పిస్తాను, నాకు తెలిసింది చెబుతా. బస్సు మాటలో సగమే నిజం. బ్రేక్ పడినప్పుడు ప్రయాణికుడు బస్సుకున్న వేగంతోనే ముందుకు పోతాడు, అంతకు మించి పోడు. స్వింగ్‌లో అలా కాదు. పెద్ద టోర్నీలు ఆడే గోల్ఫర్లకు సెన్సర్లు పెట్టి కొలిస్తే హిప్స్ గరిష్ఠ వేగం సెకనుకు 450 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఛాతీది 700 దగ్గర, చేతులది 1000 దగ్గర, క్లబ్‌ది 2000 పైన. హిప్స్ తమ గరిష్ఠాన్ని దాటి నెమ్మదిస్తుండగా ఛాతీ తన గరిష్ఠానికి చేరుతుంది, ఆ తర్వాత చేతులు, చివర్న క్లబ్.

ఛాతీకి ఆ అదనపు వేగం ఎక్కడిది? క్లబ్ ఇంకా వెనక్కి వెళ్తుండగానే హిప్స్ ముందుకు బయల్దేరతాయి. మధ్యలో ఉన్న పక్క కండరాలు సాగుతాయి. సాగిన కండరాలు బలంగా ముడుచుకుంటూ ఛాతీని హిప్స్‌ని దాటించి లాగుతాయి. అదే లాగుడు హిప్స్ మీద వెనక్కి పనిచేస్తుంది, అందుకే అవి నెమ్మదిస్తాయి. ముందుకాలు నేలని తన్ని నిటారుగా అవడం కూడా అందుకు తోడవుతుంది. రెండింటిలో దేని వాటా ఎంత అనే దానిమీద మా కోచ్‌లలోనే ఏకాభిప్రాయం లేదు. పొట్ట ముందే బిగిస్తే మాత్రం హిప్స్, ఛాతీ ఒకే దిమ్మలా కలిసి తిరుగుతాయి. సాగాల్సింది సాగదు.

లెఫ్టీ, ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి, పాయింట్ వైపు నుంచి తీయించు. ఏ ఫ్రేములో బకిల్ కదిలింది, ఏ ఫ్రేములో షర్ట్ మీద లోగో కదిలింది, ముందుకాలి మడమ ఎప్పుడు పూర్తిగా నేల మీద ఆనింది, బంతి ఎప్పుడు తగిలింది, ఈ నాలుగూ చెప్పు.

కొండాపూర్_లెఫ్టీ
తీశాను. బకిల్ కదిలిన ఫ్రేమును సున్నా అనుకుంటే లోగో 2లో కదిలింది. మడమ ఆనింది 19లో. బంతి తగిలింది 46లో. బంతి వెళ్లిపోయాక కూడా ముందుకాలి పాదం టర్ఫ్ మీద జారి తిరుగుతూనే ఉంది.

రేంజ్_కోచ్
2 ఫ్రేములంటే సెకనులో వందో వంతు కూడా కాదు. రెండూ కలిసే బయల్దేరాయన్నమాట. కానీ నాకు ఎక్కువ తేడాగా కనిపించింది ఆ 19. కాలు గాల్లో ఉండగానే నువ్వు తిరగడం మొదలుపెట్టావు. బరువంతా వెనక్కాలి మీద, ముందు తన్నడానికి నేలే లేదు. కాలు ఆనేసరికి తిరగాల్సిన దాంట్లో చాలా భాగం అయిపోయింది. పైగా పాదం జారుతోంది, కాబట్టి హిప్స్ నెమ్మదించే అవకాశమూ లేదు. బకిల్ బౌలర్‌ని దాటడం ఎక్కువ దూరం తిరిగావనడానికి గుర్తు, వేగంగా తిరిగావనడానికి కాదు.

కోన్ మీద టెన్నిస్ బాల్ పెట్టుకుని కొట్టు. చిన్న అడుగు వెయ్. పాదం వెళ్తుండగా చేతులు ఇంకొంచెం వెనక్కి పోవాలి. మడమ ఆనిందని తెలిశాకే బకిల్ తిప్పు. గ్రిప్ ఉన్న బూట్లు వేసుకో.

జింఖానా_పాత_ఓపెనర్
గోల్ఫ్‌లో బంతి కదలదు సార్. 130 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి అరసెకనులో మీదికొస్తుంది. అందులో లెంగ్త్ చూసేసరికే చాలా టైమ్ పోతుంది. మడమ ఆనిందా, బకిల్ తిరిగిందా అని చూసుకుంటూ కూర్చుంటే స్టంప్స్ లేచిపోతాయి. పైగా స్ట్రెయిట్ డ్రైవ్‌లో బ్యాట్ నిలువుగా వస్తుంది, హిప్స్ అంత తిరగనే కూడదు. తిరిగితే బంతి అడ్డంగా పోతుంది.

రేంజ్_కోచ్
డ్రైవ్ విషయంలో మీరన్నది కరెక్ట్. నేను చెప్పింది అడ్డంగా లాగి కొట్టే షాట్ గురించే. యార్కర్‌కి ఇవేవీ పనికిరావు, చేతులతోనే ఆడుకోవాలి. టైమ్ గురించి మాత్రం ఒక మాట: అడుగు పడటం లెంగ్త్ తెలియక ముందే అయిపోవచ్చు. బంతిని చూసి నిర్ణయించుకోవాల్సింది తిరగాలా వద్దా అన్నదే.

జింఖానా_పాత_ఓపెనర్
అడుగు ముందే పడితే షార్ట్ బాల్‌కి ఇరుక్కుంటాడు. నేను ఒప్పుకోను.

మణికొండ_అంకుల్
నాకు 58. గోల్ఫ్ రేంజ్‌లో ఎవరో చెప్పారని, హిప్స్ కదలకుండా బిగించి భుజాలు మాత్రమే వీలైనంత వెనక్కి తిప్పుతున్నాను. దూరం కాస్త పెరిగింది కానీ మర్నాడు కుడివైపు నడుము పట్టేస్తోంది. ఇది కూడా సాగదీయడమే కదా?

ఫిజియో_సుచిత్ర
అంకుల్, నడుము దగ్గర వెన్నెముక తిరగడానికి కట్టింది కాదు. అక్కడ ఒక్కో జాయింట్ ఒకటి రెండు డిగ్రీలకు మించి తిరగదు. మెలిక రావాల్సింది పైన పక్కటెముకల భాగం నుంచి, కింద తుంటి కీళ్ల నుంచి. ఆ రెండూ బిగుసుకుని ఉన్న వయసులో హిప్స్‌ని కూడా ఆపేస్తే భారం నడుము మీదే పడుతుంది. క్లబ్ వెనక్కి తీసేటప్పుడు హిప్స్‌ని తిరగనివ్వండి, ఎడమ మడమ కొంచెం లేచినా ఫర్వాలేదు. జాక్ నిక్లాస్ లాంటివాడే మడమ లేపి ఆడాడు.

ఇంకో పరీక్ష. కుర్చీలో కూర్చుని మోకాళ్లు దగ్గరగా ఉంచి, ఎడమ పాదాన్ని బయటికి జరపండి. తర్వాత కుడి పాదాన్ని. ఎడమది బాగా తక్కువ జరిగితే, ఆ తుంటి లోపలికి తిరగట్లేదని అర్థం. అప్పుడు నిలబడేటప్పుడే ఎడమ పాదాన్ని కాస్త టార్గెట్ వైపు తెరిచి పెట్టుకోండి. నొప్పి కాల్లోకి దిగుతుంటే మాత్రం ముందు డాక్టర్‌కి చూపించండి, స్వింగ్ సంగతి తర్వాత.

మణికొండ_అంకుల్
కూర్చుని చూశానమ్మా. ఎడమది సగం కూడా రాలేదు.

మాదాపూర్_లిఫ్టర్
నాకూ ఎడమవైపే తక్కువ వస్తోంది, 29 ఏళ్లకే. స్క్వాట్లు వేసేవాళ్లందరికీ ఇంతేనా అక్కా?

ఫిజియో_సుచిత్ర
స్క్వాట్ల వల్లే అని చెప్పలేను. కొందరికి తుంటి ఎముక ఆకారమే అలా ఉంటుంది. అలాంటప్పుడు స్ట్రెచింగ్ ఎంత చేసినా పెద్దగా మారదు, పాదం తెరిచి పెట్టుకోవడమే దారి. చూడకుండా ఏదీ తేల్చలేం.

కొండాపూర్_లెఫ్టీ
అప్‌డేట్. కోన్ మీద ఉన్న బంతికి ఇప్పుడు మడమ ఆనాకే బకిల్ కదులుతోంది, లోగో ఇంకో 8 ఫ్రేముల తర్వాత. బకిల్ కదిలినప్పటి నుంచి బంతి తగిలే వరకు 46 ఫ్రేములు పట్టేది, ఇప్పుడు 34. శబ్దమే వేరేగా ఉంది. కానీ మ్యాచ్‌లో, అందులోనూ కొంచెం షార్ట్ పడితే మళ్లీ కాలు గాల్లోనే ఉంటోంది. ఓపెనర్ సార్ చెప్పినట్టే ఇరుక్కుంటున్నాను.

జింఖానా_పాత_ఓపెనర్
చెప్పాను కదా. షార్ట్ బాల్‌కి వెనక్కాలి మీదికి వెళ్లి పుల్ ఆడేటప్పుడు వీడియో తియ్యి. అక్కడ ముందుకాలు ఏం చేస్తుందో కోచ్ గారు కూడా చూడాలి.

రేంజ్_కోచ్
తియ్యి. ఈసారి స్క్వేర్ లెగ్ వైపు నుంచి కూడా ఒకటి. పుల్‌లో హిప్స్‌ని ఆపేది ఏ కాలు అన్నది నేనూ చూసే చెబుతాను.