ఫైనల్ వార్నింగ్ మీద అప్పీల్ ఎలా రాయాలి? (యూకే, కేర్ హోమ్)

కావలి అమ్మాయి, బ్రిటన్‌కి వచ్చి 7 నెలలు

అన్నలకు, అక్కలకు నమస్కారం. నేను కేర్ హోమ్‌లో నైట్ షిఫ్ట్ చేస్తాను, స్పాన్సర్‌షిప్ వీసా మీద ఉన్నాను. ఒక రాత్రి ఒక పెద్దావిడకు మాత్ర ఇచ్చి, మందులు ఇచ్చినట్టు రాసుకునే మార్ చార్ట్‌లో సంతకం మర్చిపోయాను. తెల్లవారి గుర్తొచ్చి పెట్టాను. దాని మీద రెండు ఆరోపణలు వేశారు. ఒకటి సంతకం చేయకపోవడం, రెండోది రికార్డు తర్వాత తయారు చేయడం. హియరింగ్ అయ్యాక 12 నెలల ఫైనల్ రిటెన్ వార్నింగ్ ఇచ్చారు. గురువారం సాయంత్రం ఈమెయిల్ వచ్చింది. ఉత్తరం అందాక 5 పని దినాల్లో అప్పీల్ చేసుకోవచ్చని అందులో ఉంది. అమ్మ, నాన్నలకు ఇంకా చెప్పలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం రాయాలి?

పొదిలి బాబాయ్, బర్మింగ్‌హామ్

అమ్మాయ్, ముందు నా మాట విను. అప్పీల్ చేయొద్దు. పెద్దవాళ్ల ముందుకు మళ్లీ పోతే వార్నింగ్‌ని డిస్మిసల్ చేస్తారు. పైగా వార్నింగ్ వచ్చిందని హోమ్ ఆఫీసుకి కంపెనీ రిపోర్ట్ చేస్తుంది, వీసా పోతుంది. తల వంచుకుని 12 నెలలు గడిపేయ్.

ఆత్మకూరు అక్క, యూనియన్ రెప్, లీడ్స్

బాబాయ్ గారూ, మీరు చెప్పినదాంట్లో రెండూ సరి కావు. స్పాన్సర్ 10 పని దినాల్లో హోమ్ ఆఫీసుకి చెప్పాల్సింది ఉద్యోగం ముగిసినప్పుడు. వార్నింగ్‌కి ఆ రిపోర్ట్ లేదు. ఇక అప్పీల్ చేసినందుకు శిక్ష పెంచకూడదని, ఉద్యోగ గొడవల్లో సలహా ఇచ్చే ఏకాస్ సంస్థ గైడ్ చెబుతుంది. 2014లో ఎయిర్‌డేల్ ఎన్‌హెచ్‌ఎస్ ట్రస్ట్ కేసులో ఒక డాక్టర్ ఫైనల్ వార్నింగ్ మీద అప్పీల్ చేస్తే, ప్యానెల్ శిక్షను మళ్లీ తేలుద్దామని చూసింది. కోర్ట్ ఆఫ్ అప్పీల్ ఒప్పుకోలేదు.

పొదిలి బాబాయ్

నేను పని చేసిన చోట పాలసీలో 'ఖాయం చేయొచ్చు, తగ్గించొచ్చు, పెంచొచ్చు' అని ఉండేది తల్లీ. నా కళ్లతో చదివా.

ఆత్మకూరు అక్క

అలా స్పష్టంగా రాసి ఉంటే లెక్క మారుతుంది బాబాయ్, అది నిజమే. అందుకే అమ్మాయ్, పాలసీలో అప్పీల్ పేరా మొత్తం ఈ రాత్రే చదువు. శని, ఆదివారాలు పని దినాలు కావు కాబట్టి వచ్చే గురువారం దాకా గడువు. బుధవారానికే పంపేయ్.

ఉత్తరం విషయానికొస్తే మనవాళ్లందరూ ఒకే తప్పు చేస్తారు. 'దయచేసి క్షమించండి, మా కుటుంబం అప్పుల్లో ఉంది' అని రెండు పేజీలు రాస్తారు. చదివేవాళ్లకి అది తప్పు ఒప్పుకున్నట్టే అవుతుంది. నువ్వు డెసిషన్ లెటర్ ముందు పెట్టుకుని, అందులో ఏ పేరా తప్పో, ఎందుకు తప్పో రాయి. సంతకం మర్చిపోయావు, అది దాచొద్దు. నీ పోరాటం రెండో ఆరోపణ మీద, శిక్ష బరువు మీద. ఉదయం హ్యాండోవర్‌లో సీనియర్‌కి చెప్పావా?

కావలి అమ్మాయి

చెప్పాను అక్కా. 7:40కి. హ్యాండోవర్ షీట్‌లో ఆవిడే రాసుకుంది. కానీ ఆ షీట్ ఇన్వెస్టిగేషన్ ప్యాక్‌లో లేదు. ప్యాక్ కూడా హియరింగ్‌కి ముందు రోజు రాత్రి ఇచ్చారు.

ఆత్మకూరు అక్క

ఇదే నీ ఉత్తరం. మొదట, రెండో ఆరోపణ: దాచాలనుకునే మనిషి సీనియర్‌కి చెప్పదు, ఆ షీట్ తెప్పించి చూడండి. తర్వాత, పద్ధతి: ఒక రాత్రిలో ప్యాక్ చదివి సిద్ధం కాలేకపోయాను. చివర, శిక్ష: మొదటి తప్పు, అడక్కముందే చెప్పాను, ఫైనల్ వార్నింగ్ ఎక్కువ. కింద ఏం కావాలో స్పష్టంగా అడుగు: రెండో ఆరోపణ కొట్టేయాలి, శిక్ష తగ్గించాలి. ఒక పేజీ చాలు. వినేది ముందు నిర్ణయం ఇచ్చిన మేనేజర్ కాకూడదని, సహోద్యోగిని గానీ యూనియన్ మనిషిని గానీ తోడు తెచ్చుకుంటానని కూడా రాయి. అప్పీల్‌కీ ఆ హక్కు ఉంది. తోడొచ్చినవాళ్లు నీ తరఫున మాట్లాడొచ్చు, కానీ నిన్నడిగిన ప్రశ్నకు నువ్వే జవాబు చెప్పాలి.

కనిగిరి తమ్ముడు, వేర్‌హౌస్

నా సంగతి చెప్పాలి అక్కా. 2021లో నన్ను ఉద్యోగంలోంచే తీసేశారు. మూడేళ్లు పని చేశాను. స్కానర్ పడేశానని, నేను పడేయలేదని గొడవ. అప్పీల్ పెట్టాను. హెచ్‌ఆర్ ఆవిడ 'ప్యానెల్ డేట్ చెబుతాం' అంటూనే ఉంది. ఒకసారి మేనేజర్ లీవ్, ఒకసారి సీసీటీవీ రాలేదు. నేను మర్యాదగా ఎదురుచూశాను. నాలుగు నెలల తర్వాత ఉత్తరం వచ్చింది: డిసిషన్ అప్‌హెల్డ్. 'అప్‌హెల్డ్' చూసి గెలిచాననుకుని ఇంటికి ఫోన్ చేసి చెప్పేశాను! అమ్మ గుడికి కూడా వెళ్లొచ్చింది. ట్రైబ్యునల్‌కి పోదామని అడిగితే, తీసేసిన రోజు నుంచి మూడు నెలలకు ఒక రోజు తక్కువలోపు ఏకాస్‌కి చెప్పాలి, గడువు అయిపోయిందన్నారు. అప్పీల్ నడుస్తున్నా గడియారం ఆగదు. ఆ మాట ఒక్కరు చెప్పి ఉంటే నేను నష్టపోయేవాణ్ణి కాదు.

ఆత్మకూరు అక్క

తమ్ముడిది డిస్మిసల్, ఈ అమ్మాయిది వార్నింగ్. గడువు విషయం తీసేసినవాళ్ల కోసం. కానీ 'అప్‌హెల్డ్' సంగతి అందరిదీ. డిసిషన్ అప్‌హెల్డ్ అంటే మనం ఓడాం. అప్పీల్ అప్‌హెల్డ్ అంటే గెలిచాం. ఏ మాట పక్కన ఉందో చూడండి.

కావలి అమ్మాయి, మూడు వారాల తర్వాత

అక్కా, ఉత్తరం వచ్చింది. వేరే హోమ్ మేనేజర్ విన్నారు, 40 నిమిషాలు పట్టింది. షీట్ తెప్పించారు. 'మీ అప్పీల్ పార్షియల్లీ అప్‌హెల్డ్' అని ఉంది. మొదటి ఆరోపణ నిలిచింది. ఫైనల్ వార్నింగ్ తీసేసి 6 నెలల ఫస్ట్ రిటెన్ వార్నింగ్ ఇచ్చారు. ఇదే ఆఖరు, ఇక అప్పీల్ లేదన్నారు. మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. కానీ రెండో ఆరోపణ గురించి ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదు. శిక్ష తగ్గింది కదా, వదిలేయనా?

ఆత్మకూరు అక్క

వదలొద్దు. ఫోక్‌స్టోన్ నర్సింగ్ హోమ్ కేసు, 2018, కోర్ట్ ఆఫ్ అప్పీల్. అందులోనూ కేర్ అసిస్టెంటే. నిద్రపోవడం, రికార్డులు తారుమారు చేయడం అని రెండు ఆరోపణల మీద తీసేశారు. అప్పీల్ గెలిస్తే తీసివేత లేనట్టే అయింది. కానీ ఉత్తరం నిద్ర గురించే మాట్లాడి, రికార్డుల ఆరోపణను అలాగే గాలికి వదిలేసింది. ఆ మౌనం మీద కూడా కోర్టులో ప్రశ్న వచ్చింది. రికార్డు మార్చిందన్న మాట కేర్ పనిలో చిన్న మచ్చ కాదు. ఈరోజే ఈమెయిల్ రాయి: 'రెండో ఆరోపణ రుజువు కాలేదని, నా ఫైల్‌లో ఫలితంగా ఉండదని లిఖితపూర్వకంగా ధ్రువీకరించండి.' పాత ఫైనల్ వార్నింగ్ లెటర్ స్థానంలో ఇదే ఉంటుందని, 6 నెలలు ఏ తేదీ నుంచి లెక్కో కూడా అడుగు. పాత తేదీ నుంచి లెక్కిస్తే నీకు మేలు.

పొదిలి బాబాయ్

తల్లీ, శిక్ష తగ్గినందుకు నాకూ సంతోషమే. కానీ 6 నెలలు కాకముందే వేరే చోట ఉద్యోగానికి అప్లై చేస్తే, ఈ వార్నింగ్ చెప్పాలా? నేనైతే చెప్పను.

ఆత్మకూరు అక్క

ఫారంలో అడిగితే అబద్ధం రాయకూడదు బాబాయ్. అడక్కపోతే ఏం చేయాలన్నది మా యూనియన్‌లోనే ఇద్దరు రెండు రకాలుగా చెబుతారు.

కావలి అమ్మాయి

ఈమెయిల్ పంపాను అక్కా. తేదీ గురించి కూడా అడిగాను. జవాబు రాగానే ఇక్కడ పెడతాను. ఈ రాత్రి షిఫ్ట్ ఉంది. మాత్ర ఇచ్చి చార్ట్ దగ్గరే నిలబడి సంతకం పెట్టి గానీ కదలను.