లీనియర్ ప్రోగ్రామింగ్‌లో ఆప్టిమల్ సమాధానం శీర్షం దగ్గరే ఎందుకు? నా వాదన సరిపోతుందా?

అందరికీ నమస్కారం. ఈ ఉదాహరణ చూడండి: x+y ≤ 4, x+3y ≤ 6, x, y ≥ 0 ఉండగా x+2y గరిష్ఠం కావాలి.

లోపలి బిందువు (1.5, 1) దగ్గర విలువ 3.5. నేరుగా పైకి వెళ్తే (1.5, 1.5) దగ్గర అంచు తగిలి 4.5 అవుతుంది. ఆ అంచు వెంట కుడికి జరిగితే (3, 1) శీర్షం దగ్గర 5. ఫంక్షన్ లీనియర్ కాబట్టి ఒక దిశలో తగ్గితే ఎదురు దిశలో అంతే పెరుగుతుంది. అందుకే మధ్యలో ఆగాల్సిన పని లేదు. ఇంతవరకు స్పష్టంగానే ఉంది.

x+y గరిష్ఠం కావాలంటే (4, 0) నుంచి (3, 1) దాకా అంచంతా 4 వస్తుంది. అంటే "శీర్షం దగ్గర మాత్రమే" అనకూడదు, "కనీసం ఒక శీర్షం దగ్గర" అనాలి కదా?

నా అసలు సందేహం ఇది. x+y ≤ 4 ఒక్కటే షరతైతే గరిష్ఠం 4 ఉంది, కానీ శీర్షమే లేదు! విలువ మారని దిశలో ఎంత నడిచినా ఏ అంచూ తగలదు. x, y ≥ 0 ఉంటే ఏదో ఒక వైపు తప్పక ఆగుతాం. n చలరాశులకూ ఈ ఒక్క కారణం చాలా, లేక ఇంకేమైనా నిరూపించాలా? తెలిసినవారు దయచేసి వివరించండి.