ఆవకాయ సీసా లేబుల్ మీద తెలుగు పట్టడం లేదు

లేబుల్‌తంటా: మధ్యాహ్నం నుంచి దీంతోనే కుస్తీ. మా పిన్ని ఆవకాయ లేబుల్ బొమ్మలో ఇంగ్లీషు చెరిపి తెలుగు పెడుతున్నాను. అక్షరాలు పట్టట్లేదు, ఒత్తులు విడిపోతున్నాయి. అడ్డంగా నొక్కితే చదవడానికి రావట్లేదు. రేపు ప్రింటుకి పంపాలి, టెన్షన్‌గా ఉంది.

రాత్రిబడి: ఏ సాఫ్ట్‌వేర్? ఎంత జాగా?

గోదారిగట్టు: అందులో "మరియు" ఉంటే ముందు అది తీసేయండి. తెలుగులో రెండు మాటలు కలపడానికి దీర్ఘం చాలు: ఉప్పూ కారం. లేబుళ్లన్నీ ఈ "మరియు"తో నిండిపోయాయి, చూస్తే బాధేస్తుంది.

లేబుల్‌తంటా: ఫోటోషాప్. 7 సెం.మీ. వెడల్పు, 3 ఎత్తు. ఉన్నది ఇది: "ప్రత్యక్ష సూర్యకాంతికి దూరంగా చల్లని మరియు పొడి ప్రదేశంలో నిల్వ చేయవలెను. పొడి చెంచాను మాత్రమే ఉపయోగించవలెను."

పాతప్రెస్సు: తమ్ముడూ, ఇంగ్లీషు చెరపకు. ఆహార లేబుల్ మీద వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండి తీరాలి. తెలుగు అదనంగా పెట్టుకోవచ్చు, అంతే.

ఒత్తుల సంగతికి, నీది పాత వెర్షన్ అయితే `Edit > Preferences > Type`లో `World-Ready Layout` ఎంచుకుని, ఫోటోషాప్ మూసి తెరిచి, కొత్త టెక్స్ట్ లేయర్‌లో అతికించు. అడ్డంగా నొక్కకు. అలా నొక్కి చిన్న సైజులో అచ్చేస్తే ప, వ ఒకేలా కనబడి "పసుపు" కాస్తా "వసువు" అవుతుంది. నొక్కే బదులు మాటలు తగ్గించు: "ఎండ తగలనివ్వకండి. తడి చెంచా వాడొద్దు." పంక్తుల మధ్య ఖాళీ మాత్రం తగ్గించకు, కింది ఒత్తులు తర్వాతి పంక్తికి తగులుతాయి.

సబ్బులక్క: నా సబ్బు లేబుల్‌కీ ఇదే గొడవ. "గ్లిజరిన్" తెలుగులో ఏమనాలి?

గోదారిగట్టు: ఇంతకీ "పదార్థాలు" అనకండి, "దినుసులు" అనండి.

రాత్రిబడి: దినుసులంటే మసాలాలు అనుకుంటారు. నూనె దినుసా?

గోదారిగట్టు: మా ఇంట్లో అన్నిటినీ దినుసులే అంటాం. అలాగే ప్రిజర్వేటివ్‌ని "సంరక్షకం" అనాలి.

పాతప్రెస్సు: సంరక్షకం అంటే కొనేవాళ్లకి తెలియదు. "ప్రిజర్వేటివ్ (INS 211)" అని ఉంచు. నంబరు ఇంగ్లీషులో ఉన్నదే ఉండాలి. మిగతావి ఇలా: మామిడికాయ ముక్కలు, నువ్వుల నూనె, కారం, ఆవపిండి, ఉప్పు, వెల్లుల్లి, మెంతులు, పసుపు. జాగా కోసం వరస మార్చకు, బరువులో ఎక్కువున్నది ముందు రావాలి. మీ పిన్నిగారి కొలతలతో ఒకసారి సరిచూసుకో.

రాత్రిబడి: అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీసి చూడండి. స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే తెలియదు.

లేబుల్‌తంటా: ఒత్తులు కుదిరాయి. ఇంగ్లీషు కింద తెలుగు నాలుగు పంక్తుల్లో పట్టింది. ప్రింట్ తీశాను, పసుపు పసుపులాగే ఉంది. కొలతలు చూస్తే ఉప్పు ఆవపిండి కన్నా ఎక్కువట, ఆ రెండూ మార్చాను. థాంక్స్ అన్నా.

సబ్బులక్క: మరి గ్లిజరిన్?