ఎడ్లబండి చక్రం: ఎనిమిది యూడిమ్ టైళ్లా, ఒక్క 8కె షీటా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
షార్ట్ ఫిల్మ్ కోసం 3డీలో ఎడ్లబండి చేస్తన్నాను. బండి మొత్తాన్ని ఎనిమిది 4కె యూడిమ్ టైళ్లలో పెట్టాను. మా లీడ్ గారేమో "ఇన్నెందుకమ్మా, గట్టిగా ప్యాక్ చేసి ఒక్క 8కె షీట్లో సర్దీ, ఖాళీ 15 శాతం దాటకూడదు" అంటన్నారు. నాకు 72 శాతమే నిండుతంది. ఎవరిది రైటు?

గట్టిప్యాకింగ్ (బరంపురం)
లీడ్‌దే రైటు. 72 అంటే వంద పెట్టి కూరలు కొని, 28 రూపాయల కూర గేదెకి పడీసినట్టే. చక్రం అంచుని గుండ్రంగానే విప్పి వదిలీసుంటావు, నడిమి ఖాళీ అంతా దండగ. ఒక్కచోట సీమ్ కోసి, అంచుని స్ట్రెయిటెన్ కొట్టి తిన్నని పట్టీ చెయ్యి. ఆకులు, నొగలు, పలకలు ఎలాగూ పొడుగ్గానే ఉంటాయి. అన్నీ ఇటుకల్లా పేర్చితే 86 వస్తుంది. నాకు ఎప్పుడూ అంతకి తగ్గలేదు.

టైల్ బాబు (గుణుపురం)
ఫిల్మే కదా అన్నా, ప్యాకింగ్ గోల ఎందుకు? టైళ్లు పెంచితే రిజల్యూషన్ దానంతటదే పెరుగుతుంది. నేను ఓ రథానికి ఇరవై పెట్టాను.

నౌపడ ప్యాసింజర్
ఇరవయ్యా! రెండర్ అయిందా, ఈలోగా మళ్లీ రథయాత్ర వచ్చీసిందా?

టైల్ బాబు (గుణుపురం)
రెండర్ అవలేదు. అది కార్డు పాతదవడం వల్ల.

సీమ్‌రిప్పర్ (రాయగడ)
కార్డు తప్పు కాదు బాబూ. 4కె బొమ్మ ఒకటి, ఎనిమిది బిట్లది, మెమరీలో విప్పితే 64 ఎంబీ. రంగు, రఫ్‌నెస్, నార్మల్, మెటాలిక్ అని నాలుగేసుకో. ఇరవై టైళ్లకి 5 జీబీ దాటిపోయింది, ఇంకా రథం జామెట్రీ ఎక్కనేలేదు. ఇంకోటి, టైలు పెంచితే చోటు పెరుగుతుంది, అంతే. ఆ చోట్లో ఐలాండ్‌ని పెద్దది చేస్తేనే దానికి పిక్సెళ్లు దక్కుతాయి. ఐలాండ్ సైజు కదపకుండా పక్క టైల్లోకి జరిపితే పాత పిక్సెళ్లే.

గట్టిప్యాకింగ్ గారూ, మీ శాతాల లెక్క కూడా ఓసారి చూద్దాం. శాతం విస్తీర్ణానిది, కంటికి తెలిసేది పొడవు వారీ పిక్సెళ్లు. 72 నుంచి 86కి పోతే సెంటీమీటరుకి 48 పిక్సెళ్లు ఉన్నచోట 52 అవుతాయి. రెండు రోజుల ప్యాకింగ్‌కి నాలుగు పిక్సెళ్లు. అసలు ఆ 86 ఏ మార్జిన్‌తో వచ్చింది?

గట్టిప్యాకింగ్ (బరంపురం)
రెండు పిక్సెళ్లు. చాలు.

సీమ్‌రిప్పర్ (రాయగడ)
చాలదు. దూరం షాట్లో 4కె బొమ్మ బదులు దాని 1కె మిప్ వాడుకుంటుంది, అప్పుడు మీ రెండు పిక్సెళ్లు అర పిక్సెల్ అయిపోతాయి. పక్క ఐలాండ్ రంగు ఇటు కారుతుంది. కెమెరా వెనక్కి పోయేకొద్దీ సీమ్ వెంబడి తెల్లగానో నల్లగానో సన్నటి గీత పడుతుంది చూడండి, దగ్గర షాట్లో కనపడదు. అదే ఇది. 4కె కి 16 పిక్సెళ్లు వదలాలి. బ్లెండర్‌లో అయితే Pack Islands లో Margin Method ని Fraction చేసి 0.004 ఇస్తే సుమారు అంతే.

అమ్మా మహేంద్రతనయా, షాట్ చెప్పకుండా ఎవరిది రైటో ఎలా చెప్తాం? అన్నిటికన్నా దగ్గర షాట్ ఏది? ఏ టైల్లో ఏముంది?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
చక్రం బురదలో దిగబడే షాట్ అండి. ఫ్రేమ్ 1920 వెడల్పు, అందులో చక్రం అంచు 40 సెంటీమీటర్ల మేర కనబడతాది. చక్రం మీటరున్నర, 12 ఆకులు. రెండు చక్రాలూ 1001, నొగలు 1002, కాడి 1003, ఇరుసు 1004, పలకలు 1005 నుంచి 1007 దాకా. మేకులు, గొలుసు 1008.

సీమ్‌రిప్పర్ (రాయగడ)
దొరికింది. టైళ్లు ఎనిమిదవడం తప్పు కాదు, వస్తువుకొకటి చొప్పున పంచడం తప్పు. మేకులకి ఒక టైలు, రెండు చక్రాలకి కలిపి ఒక టైలు! మేకు తలకాయ మీద పోగులు పోగులుగా పిక్సెళ్లు, బురదలో కనబడే అంచు మసకమసగ్గా. చెకర్ వేసి చూడు, మేకుల మీద గళ్లు ఆవగింజల్లా, చక్రం మీద గారెల్లా ఉంటాయి.

40 సెంటీమీటర్లు 1920 పిక్సెళ్లలో కనబడుతున్నాయంటే సెంటీమీటరుకి 48 కావాలి. 4కె టైలు ఆ లెక్కన 85 సెంటీమీటర్ల చదరం. ఇప్పుడు గట్టిప్యాకింగ్ గారి పట్టీ చూడు. మీటరున్నర చక్రం చుట్టుకొలత 4.71 మీటర్లు. దాన్ని ఒక్క 8కె లో ఈ చివరి నుంచి ఆ చివరికి పరిచినా సెంటీమీటరుకి 17 పిక్సెళ్లే. మనక్కావలసిన దాంట్లో సగం కూడా లేదు.

గట్టిప్యాకింగ్ (బరంపురం)
ఆ పట్టీని ఆరు ముక్కలు చేసుకోవచ్చు కదండీ! ముక్కలు చెయ్యొద్దని నేనన్నానా? తిన్నగా చెయ్యమన్నాను. తిన్నగా ఉంటే సీమ్ మెట్లు మెట్లుగా రాదు, ప్యాకింగూ బాగుంటుంది. దీనికి జవాబు చెప్పండి ముందు.

టేకుదూలం (సిరొంచ)
మీ ముచ్చట నాకు సగమే సమజైంది గని, ఒక మాట చెప్త. మా నాయిన బండ్లు జేసెటోడు. చక్రం అంచు ఒక్క కట్టె గాదు. ఆరు ముక్కలుంటయ్, ఒక్కోదాంట్ల రెండు ఆకులు దిగుతయ్. టేకు పలకల కెళ్లి ఒంపుగ కోస్తరు. కట్టెను వంచరు. అంటే నార ముక్కల సీదా పోతది, ఒంపుతోని తిరగది. ముక్క కొసలకాడ నార తెగిపోయి కనవడ్తది. మీరు పట్టీ లెక్క తిన్నగ జేసి రంగేస్తే నార చక్రం సుట్టూ తిరుగుతది గద? గట్ల ఉండది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
అయ్యబాబోయ్. టెస్ట్ రెండర్ ఇప్పుడే తెరిచి చూసాను. నార జిలేబీలా చుట్టూ తిరిగీసింది. మా లీడ్ గారు కూడా "ఏదో తేడాగా ఉంది" అన్నారు గాని ఏటో చెప్పలేకపోయారు.

సీమ్‌రిప్పర్ (రాయగడ)
టేకుదూలం అన్నా, నాకు ఇన్నేళ్లుగా తట్టని సంగతి చెప్పారు. నేనూ తిన్నగా చేసే వేసేవాణ్ని.

అయితే సీమ్ ఎక్కడ కోయాలో వడ్రంగే చెప్పేశాడన్నమాట. ముక్కకీ ముక్కకీ మధ్య నిజంగానే సందుంది. సీమ్ అక్కడే పెడితే దాచక్కర్లేదు, కనబడినా సందులాగే ఉంటుంది. ముఖానికీ ఇనుప పట్టా వైపుకీ మధ్య అంచు షార్ప్‌గా ఉంటుంది కాబట్టి అక్కడా కొయ్యి. లేకపోతే నార్మల్ బేక్‌లో ఆ మూల దగ్గర నీడ వాలినట్టు వస్తుంది.

ముక్కని మాత్రం ఒంపుగానే వదిలెయ్యి. ఇప్పుడు లెక్క చూడు. ఆరో వంతు ముక్క ఆ కొస నుంచి ఈ కొసకి 75 సెంటీమీటర్లు, 85 లో హాయిగా పడుతుంది. అంచు మందం 12 అనుకుంటే ఒంపుతో కలిపి ముక్క ఎత్తు 20 పైచిలుకు. కానీ ఒకే ఒంపు కాబట్టి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, మార్జిన్‌తో కలిపి ఒక్కోదానికి 14 చాలు. ఐదు పడతాయి, ఆరోది బయటికొస్తుంది. దానికోసం ఇంకో టైలు తెరవకు. సాంద్రత 48 నుంచి 45కి దించితే ఆరూ ఒక్క టైల్లో సరిపోతాయి. ఆ తేడా కంటికి తెలీదు. Rotate టిక్ తీసెయ్యి, లేకపోతే ప్యాకర్ ఒక్కో ముక్కని ఒక్కో కోణంలో తిప్పి నార దిక్కు చెడగొడుతుంది.

బురదలో దిగే చక్రం బయటి ముఖానికి ఇలా ఒక టైలు. ఆకులకీ నడిమి బొడ్డుకీ ఒకటి. రెండో చక్రం, కాడి, పలకలు, మేకులు సగం సాంద్రతలో ఇంకో రెండింట్లో సర్దుకో. నాలుగు అయ్యాయి. నాలుగు 4కె లు కలిపితే ఒక 8కె కి ఎన్ని పిక్సెళ్లో అన్నే. మీ లీడ్ గారి బడ్జెట్టే అది!

గట్టిప్యాకింగ్ (బరంపురం)
అంతా బాగానే చెప్తారు. నార ఎవడు చూస్తాడండీ? మూడు సెకన్ల షాట్ మీద బురద.

టేకుదూలం (సిరొంచ)
నేను జూస్త.

గట్టిప్యాకింగ్ (బరంపురం)
మీకేం, చూస్తారు. బిల్లు ఎవరిస్తారు? నేను ఓ చోట కాంట్రాక్టు మీద చేశాను, పేరెందుకు. ఆరు టైళ్లతో మందిరం గోపురం చేసిచ్చాను. అందరూ శభాష్ అన్నారు. నెల తిరక్కుండా "దీన్నే మొబైల్ గేమ్‌లో వాడతాం, ఒక్క షీట్ చెయ్" అన్నారు. ఆ గేమ్‌లో టైలుకో మెటీరియల్, ఆరు టైళ్లంటే ఆరు డ్రా కాల్స్, ఫోన్ ఏడ్చింది. సీమ్‌లన్నీ మళ్లీ కోశాను, మళ్లీ బేక్ చేశాను. పదకొండు రాత్రులు. రూపాయి ఇవ్వలేదు సరికదా, "మొదటే ఆలోచించాల్సింది" అన్నారు. అప్పట్నుంచి నా దగ్గర ఒక్కటే షీటు. మీకు మొండితనంలా కనబడితే కనబడనీండి.

టైల్ బాబు (గుణుపురం)
అన్‌రియల్‌లో అయితే వర్చువల్ టెక్స్చర్ ఉంది కదా అన్నా, యూడిమ్‌ని ఒక్కటిగా తీసుకుంటుంది.

గట్టిప్యాకింగ్ (బరంపురం)
ఏడువేల రూపాయల ఫోన్‌లో ఆడించి చూపించు తమ్ముడూ.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
ఒక సంగతి చెప్పలేదండి, తప్పు నాదే. లీడ్ గారు పొద్దున ఫోన్లో "ఈ బండి తర్వాత గేమ్‌కి కూడా పనికొస్తాది" అన్నారు. ఫిల్మ్‌కే అనుకుని నేను పట్టించుకోలేదు.

సీమ్‌రిప్పర్ (రాయగడ)
ఇదమ్మా మొదటి పోస్ట్‌లో ఉండాల్సింది! ఇంతసేపూ ఒకరం బురద షాట్ గురించి, ఒకరం ఫోన్ గురించి కొట్టుకున్నాం. గట్టిప్యాకింగ్ గారూ, మీ పదకొండు రాత్రుల సంగతి ముందే తెలిసుంటే శాతాల మీద అంత ఎగిరేవాణ్ని కాదు.

ఒకే మోడల్‌కి రెండు యూవీ మ్యాపులు పెట్టు. మొదటిది ఫిల్మ్‌కి, నాలుగు టైళ్లు. రెండోది గేమ్‌కి, ఒక్క షీటు. అందులో ఆరు ముక్కలూ ఒకదాని మీద ఒకటి పడుకున్నా పర్లేదు, బేక్ చేసేటప్పుడు ఒక్కటి మాత్రం ఉంచి మిగతావి ఒక టైలు పక్కకి జరుపు. ఫిల్మ్ రంగుని మొదటి మ్యాప్ నుంచి రెండోదాని మీదకి బేక్ చేసుకోవచ్చు, మళ్లీ పెయింట్ చెయ్యక్కర్లేదు.

గట్టిప్యాకింగ్ (బరంపురం)
ముక్కలు పేరిస్తే ఆరింటికీ ఒకే మరక వస్తుంది, చక్రం తిరిగితే దొరికిపోతుంది. నేనైతే మూడు వేరుగా పెడతాను. పైగా ఆ రెండో మ్యాప్‌కి రేటు ఇప్పుడే మాట్లాడుకో చెల్లెమ్మా. తర్వాత అడిగితే "అది ప్యాకింగే కదా" అంటారు.

సీమ్‌రిప్పర్ (రాయగడ)
మూడు కూడా ఎక్కువే, బురద మరక వేరే డెకాల్‌గా వేస్తే సరి. రేటు సంగతిలో మాత్రం ఆయన మాట విను.

గట్టిప్యాకింగ్ (బరంపురం)
డెకాల్ అంటే ఇంకో డ్రా కాల్. మళ్లీ మొదటికొచ్చాం.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
లీడ్ గారికి రేటు సంగతి మెసేజ్ పెట్టాను. చూసారు, ఇంకా ఏం అన్లేదు. టేకుదూలం అన్నయ్యా, ముక్కలు కలిసే చోటు దగ్గరగా ఒక ఫొటో దొరుకుతాదా? ఇక్కడ ఇప్పుడన్నీ టైరు బళ్లే.

టేకుదూలం (సిరొంచ)
ఇంటెన్కాల ఒక చక్రం గోడకు ఆనిచ్చి ఉన్నది. పట్టా ఊడింది గని ముక్కలు గట్టిగనే ఉన్నయ్. పొద్దుగాల ఎండ వడ్డంక తీసి పెడ్త.